ఏమనుకొని చెబుతున్నారో ముందు చెప్పండి

ఈ టపా కొంచెం కోపంతో వ్రాస్తున్నాను. ఆ కోపంలో మొదటి వాటా నా మీదనే. మిగిలినది నాబోటి పండితుల మీద, అనగా అడిగినవాడికి ఒక్క ముక్కలో సమాధానం చెప్పి, "అంతే, ఇక సందేహం లేదు" అని కండువా దులుపుకొనేవారి మీద.

జరిగింది చెబుతాను. మా చెల్లెలు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటుంది. ఆమె కుమారుడు, నా మేనల్లుడు, న్యూజెర్సీలో ఉద్యోగం. మా బావగారు పోయి రెండు సంవత్సరాలయింది. ఆయన తిథి మార్గశిర బహుళ సప్తమి. ఆబ్దికం దగ్గర పడుతున్నదనగా మేనల్లుడు నాకొక వేగు పంపాడు. అందులో ఒకే వాక్యం: "మామయ్యా, ఈ ఏడు నాన్నగారి ఆబ్దికం ఏ రోజున వచ్చింది?"

నేను పంచాంగం తిరగవేసి, లెక్క సరిచూసుకొని, అంతకంటె క్లుప్తంగా జవాబు వ్రాశాను: "బుధవారం, నాయనా."

వాడు బుధవారం సెలవు పెట్టి, అక్కడి పురోహితులను పిలిచి, మడి కట్టుకొని, శ్రద్ధగా తండ్రికి పిండం పెట్టాడు. పురోహితులు కార్యం ముగిసి తాంబూలం పుచ్చుకొనే వేళ, "అయ్యా, ఇక్కడికి సప్తమి నిన్ననే గదా, మీ పెద్దలు బుధవారమని ఎలా చెప్పారు?" అన్నారట. ఆ రాత్రి వాడు నాకు ఫోను చేసినప్పుడు గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

నా లెక్క తప్పు కాదు, అదే విచిత్రం. విజయవాడకు ఆ ఆబ్దికం బుధవారమే. అంతకు ముందు ఏడు వాడు సెలవు మీద వచ్చి, ఇక్కడే కృష్ణ ఒడ్డున స్నానం చేసి, సత్యనారాయణపురం ఇంట్లోనే పెట్టాడు. ఈ ఏడూ అలాగే వస్తాడనుకున్నాను. అనుకున్నాను గాని, అనుకున్నట్టు చెప్పలేదు. "నీవు ఇక్కడికి వచ్చి పెడతావనుకొని చెబుతున్నాను" అని ఆ జవాబుకు ముందు ఒక్క వాక్యం చేర్చి ఉంటే, వాడు చదివిన మరు నిమిషంలో "లేదు మామయ్యా, ఈసారి ఇక్కడే" అని వ్రాసేవాడు. నేను మంగళవారమని సవరించేవాడిని. ఇరవై అక్షరాల బద్ధకం ఒక కొడుకు చేత తండ్రి తిథి తప్పించింది.

ఇక్కడ కొందరికి సందేహం రావచ్చు: తిథి ఒకటే అయినప్పుడు ఊరు మారితే వారం ఎందుకు మారాలి? ఇది తెలియకపోతే నేను చెప్పబోయేది సరిగా పట్టుబడదు గనుక కొంచెం ఓపికగా వినండి.

తిథి అనేది గడియారపు రోజు కాదు. చంద్రుడు సూర్యుని నుంచి పన్నెండు డిగ్రీలు ఎడంగా జరగడానికి పట్టే కాలం. చంద్రుని నడక ఒకసారి వడిగా, ఒకసారి నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ఒక తిథి సుమారు 20 గంటలు మొదలు 26 గంటలకు పైగా ఉండవచ్చు. అది ప్రపంచమంతటికీ ఒకే క్షణాన మొదలై ఒకే క్షణాన ముగుస్తుంది. కాని శ్రాద్ధానికి కావలసింది తిథి ఉండటం మాత్రమే కాదు, అది అపరాహ్ణంలో ఉండటం. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగవ భాగం అపరాహ్ణం. మన వైపు ఆబ్దికానికి సాధారణంగా ఆ భాగంలో తిథి ఏ రోజున ఉంటే ఆ రోజును తీసుకుంటారు. క్షణం అందరికీ ఒకటే, అపరాహ్ణం మాత్రం ఎవరి ఊరిలో వారిది.

ఇప్పుడు మా వాడి సంగతి. లెక్క సులువుగా ఉండటానికి నిమిషాలను కొంచెం సర్ది చెబుతున్నాను. సప్తమి మన గడియారం ప్రకారం మంగళవారం సాయంత్రం 4 గంటలకు ప్రవేశించి, బుధవారం మధ్యాహ్నం 2:30కు వెళ్ళిపోయింది. మార్గశిరంలో విజయవాడకు సూర్యోదయం 6:30, అస్తమయం 5:40 అనుకుందాం. పగలు 670 నిమిషాలు, అందులో అయిదవ వంతు 134 నిమిషాలు. కాబట్టి అపరాహ్ణం మధ్యాహ్నం 1:12 మొదలు 3:26 వరకు. మంగళవారం ఆ వేళకు సప్తమి ఇంకా రాలేదు. బుధవారం 1:12 నుంచి 2:30 దాకా ఉన్నది. కనుక బుధవారం, సందేహం లేదు.

న్యూజెర్సీ గడియారం చలికాలంలో మనకంటె పదిన్నర గంటలు వెనుక. అక్కడ అదే సప్తమి మంగళవారం తెల్లవారుజామున 5:30కు వచ్చి, బుధవారం తెల్లవారుజామున 4 గంటలకు పోయింది. అక్కడి పగలు ఆ రోజులలో మరీ చిన్నది. 7:15కు తెల్లవారి 4:35కు అస్తమిస్తుందనుకుంటే, అపరాహ్ణం 12:51 నుంచి 2:43 వరకు. మంగళవారం ఆ కాలమంతా సప్తమే. బుధవారం తెల్లవారేసరికే అష్టమి వచ్చి కూర్చున్నది. కనుక అక్కడ మంగళవారం, అదీ సందేహం లేదు.

ఇంకొక మెలిక ఉన్నది. పంచాంగాలలో దృక్ సిద్ధాంతానివి కొన్ని, పూర్వ పద్ధతివి కొన్ని. చంద్రుని నడకలోని హెచ్చుతగ్గులకు ఆధునిక ఖగోళం చేసే సవరణలన్నీ దృక్ వారు తీసుకుంటారు. ప్రాచీన సిద్ధాంతాన్ని అనుసరించేవారి లెక్కలో ఆ సవరణలు తక్కువ. అందువల్ల ఒకే తిథి ముగింపులో రెండు పంచాంగాల మధ్య కొన్ని గంటల తేడా రావడం కద్దు. మా బావగారి తిథికి పూర్వ పద్ధతిలో మూడు గంటలు ముందు పడిందనుకోండి: మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రవేశం, బుధవారం 11:30కు నిర్గమనం. అప్పుడు విజయవాడలోనే మంగళవారపు అపరాహ్ణం పూర్తిగా సప్తమిలో పడుతుంది, బుధవారం అసలు పడదు. అదే ఊరు, అదే తండ్రి, అదే తిథి. పంచాంగం మారితే వారం మారింది.

అనగా నేను వ్రాసిన "బుధవారం" అనే ఒక్క మాట వెనుక మూడు ఊహలు దాగి ఉన్నాయి. కార్యం జరిగే ఊరు విజయవాడ అని ఒకటి, ప్రమాణం దృక్ పంచాంగమని రెండు, తిథి బహుళ సప్తమి అని మూడు. మూడింటిలో ఏది తప్పినా జవాబు తప్పుతుంది. వాటిని పైకి చెప్పకపోవడం చేత నా జవాబు నిజమో అబద్ధమో పరీక్షించే వీలు వాడికి లేకుండా చేశాను.

ఈ సంగతి ఇద్దరు ముగ్గురు పండిత మిత్రుల దగ్గర ప్రస్తావిస్తే వారు చెప్పిన సమాధానాలు విని నాకు ఈ టపా వ్రాయవలసిన అవసరం కలిగింది.

మొదటివారు తప్పంతా అడిగినవాడిదే అన్నారు. "స్పష్టంగా అడగవద్దూ? ఎక్కడ పెడుతున్నాడో వాడే వ్రాయాలి" అన్నారు. ఇది విన సొంపుగా ఉన్నది గాని న్యాయం కాదు. ఊరు మారితే వారం మారుతుందని తెలిసినవాడికే ఊరు చెప్పాలని తోస్తుంది. వాడికి ఆ సంగతి తెలిస్తే నన్ను అడగనే అడగడు, తానే చూసుకుంటాడు. దారి ఎక్కడ చీలుతుందో తెలిసింది నాకు. తెలియనివాడు చీలిక దగ్గర ఆగి అడగలేదని నిందించడం, పిల్లవాడికి సంధి చెప్పకుండా పదం విడగొట్టలేదని బెత్తం తీయడం వంటిది. ముప్ఫై ఏళ్ళు బడిలో పని చేసినవాడిని, అటువంటి దెబ్బలు ఎవరికి తగలాలో నాకు తెలుసు.

రెండవవారు మరీ గట్టివారు. "పండితుడు సందేహం చూపితే విలువ ఉండదు. అనుకుంటున్నాను, అయితే గియితే అని మొదలుపెడితే ఎవరు నమ్ముతారు? అడిగారు, బుధవారమని చెప్పాలి, అంతే" అన్నారు. ఈ మాట అన్నది రోజూ సంకల్పం చెప్పే నోరు. అందుకే నాకు ఆశ్చర్యం.

సంకల్పమంటే ఏమిటి? కార్యం మొదలుపెట్టే ముందు, తాను ఏ కాలంలో, ఏ చోట, ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథిలో ఉన్నానని అనుకుంటున్నాడో పురోహితుడు పైకి చెప్పడం. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాము, ఏ రెండు నదుల నడుమ ఉన్నాము అన్నది అందులో ఉంటుంది. విజయవాడలో చెప్పేటప్పుడు కృష్ణా గోదావరుల నడుమ అంటాము. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో అడుగు పెట్టగానే ఆ మాట చెల్లదు, అక్కడ కృష్ణా కావేరుల నడుమ అనవలసి ఉంటుంది. ఇవతలి ఒడ్డు పురోహితుడు అలవాటు కొద్దీ అవతలి ఒడ్డున పాత మాటే చెబితే, పీట మీద కూర్చున్న ఇంటి యజమాని విని, "అయ్యా, మనం ఏటి దక్షిణాన ఉన్నాము" అని దిద్దగలడు. ఎందుకు దిద్దగలడు? అది పైకి చెప్పారు గనుక. అదీ కార్యం మొదలు కాకముందే చెప్పారు గనుక. మంగళహారతి తరువాత చెబితే ఏమి లాభం?

పంచాంగం మాట చూడండి. మంచి పంచాంగకర్త ఎవరైనా ఏ ఊరి అక్షాంశ రేఖాంశాలకు గణించాడో, ఏ సిద్ధాంతం అనుసరించాడో ముందు పుటలలోనే ప్రకటిస్తాడు. కేంద్ర ప్రభుత్వం 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం నివేదిక 1955లో వచ్చింది. దానిని అనుసరించి వెలువడే రాష్ట్రీయ పంచాంగం, దేశమంతటికీ ఒక కేంద్రస్థానాన్ని ఎంచుకొని, అది 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం, 23 డిగ్రీల 11 నిమిషాల ఉత్తర అక్షాంశం అని చెప్పుకుంటుంది. ఆ మాట చెప్పినందువల్ల దానికి గౌరవం తగ్గిందా? ఆ బిందువు నుంచి తమ ఊరు ఎంత దూరమో చూసుకొని సవరించుకొనే వీలు ఎవరికైనా కలిగింది. గ్రంథం ఊహను ప్రకటిస్తుంది, గ్రంథం చదివి చెప్పే మనం దాచిపెడతాము. మన విలువ గ్రంథం విలువను మించిందా?

ఇక పండిత శిక్షణ పొందినవారికి మన వ్యాఖ్యాతల సంగతి నేను గుర్తు చేయనక్కరలేదు. శ్లోకంలో క్రియ లోపిస్తేనో, కర్త స్పష్టంగా లేకపోతేనో వ్యాఖ్యాత ఒక పదాన్ని అధ్యాహారం చేస్తాడు. చేసి ఊరుకోడు. "అని శేషము" అని దానికి గుర్తు పెడతాడు. కవి అన్నది ఎంత, నేను కలిపింది ఎంత అన్నది చదువరికి తెలియాలని. ఆ గుర్తు లేకుండా కలిపితే అది వ్యాఖ్యానం కాదు, ప్రక్షిప్తం. మేనల్లుడి ప్రశ్నలో "విజయవాడలో" అనే పదాన్ని నేను అధ్యాహారం చేశాను, శేషమని చెప్పలేదు. విద్యార్థి దశలో ఈ తప్పు చేస్తే మా గురువుగారు కాగితం విసిరి కొట్టేవారు.

మూడవ మిత్రుడు నిదానస్తుడు. "అయితే ముందు అన్నీ అడిగి తెలుసుకొని చెప్పవలసింది" అన్నాడు. ఇది మొదటి రెండింటి కంటె మర్యాదగా ఉన్నది గనుక మరింత జాగ్రత్తగా జవాబు చెప్పాలి.

అడగడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది కాలం. నేను పగలు వ్రాస్తే వాడికి రాత్రి. నేను ఒక ప్రశ్న వేస్తే దానికి జవాబు రేపు, దాని మీద ఇంకొక ప్రశ్నకు జవాబు ఎల్లుండి. ఈలోగా వాడు సెలవు అడగాలి, పురోహితులకు చెప్పుకోవాలి. రెండవది ఇంకా పెద్దది. "దృక్కా, పూర్వ పద్ధతా?" అని నేను అడిగితే వాడేమి చెప్పగలడు? తెలియని మాటతో అడిగిన ప్రశ్నకు మనిషి సిగ్గుపడి ఏదో ఒకటి అంటాడు, లేదా అడగడమే మానుకుంటాడు. అదే నేను "మీ ఇంట్లో మీ నాన్నగారు గోడకు తగిలించుకొనే పంచాంగమే చూశాను" అని వ్రాస్తే, వాడు వెంటనే అవునో కాదో చెప్పగలడు. ప్రశ్నకు జవాబు పుట్టించాలి, ఊహకయితే అవుననో కాదనో అంటే చాలు. రెండవ పని ఎవరికైనా తేలిక.

అలాగని ఎప్పుడూ ఊహించే చెప్పాలని నేను అనను. మా బావగారి తిథే నాకు తెలియకపోతే, సప్తమి అనుకొని చెప్పడం మూర్ఖత్వం. పక్షంలో పదిహేను తిథులున్నాయి, వాటిలో ఒకటి పట్టుకొని "ఇదనుకుంటున్నాను" అంటే అది ఊహ కాదు, సోది. అక్కడ అడగవలసిందే. అదీ ఆంగ్ల తేదీ మాత్రమే కాక, ప్రాణం పోయిన గంట కూడా అడగాలి, ఏ వేళ పోయారన్నదాన్ని బట్టి తిథి మారుతుంది గనుక. ఒక ఊహ తక్కిన వాటికంటె స్పష్టంగా బలమైనదై, తప్పయితే దిద్దుకొనే వ్యవధి ఉన్నప్పుడే ఊహించి చెప్పడం. ఆ రెండూ లేనప్పుడు ఒక్క ప్రశ్న, వాడికి అర్థమయ్యే మాటలలో.

మా తరగతిలో చెప్పే పాత ఉదాహరణ ఒకటి ఇక్కడ పనికివస్తుంది. సైంధవం అంటే ఉప్పూ అవుతుంది, సింధుదేశపు గుర్రమూ అవుతుంది. యజమాని సైంధవం తెమ్మన్నాడు. భోజనం వేళ అయితే ఉప్పు, ప్రయాణం వేళ అయితే గుర్రం అని శాస్త్రం చెబుతుంది. సందర్భాన్ని బట్టి గ్రహించమని దాని తాత్పర్యం. బాగున్నది. కాని భోజనం చేస్తూ చేస్తూ యజమాని ప్రయాణం మాట తలపెట్టి సైంధవం తెమ్మంటే? ఒకడు మాట్లాడకుండా ఉప్పు తెచ్చి పెట్టి పోతాడు. ఒకడు ఏ సైంధవమని, ఎంత సైంధవమని, ఎందులో తేవాలని అన్నం చల్లారేదాకా అడుగుతాడు. మూడవవాడు ఉప్పు గిన్నె పట్టుకొని వస్తూ గుమ్మంలోనే "విస్తరి ముందున్నారు గదా అని ఉప్పు తెచ్చాను, గుర్రమయితే కట్టు విప్పిస్తాను" అంటాడు. నాకు ఆ మూడవవాడు కావాలి.

ఇక ఊహలను చెప్పే తీరు. ఇందులోనూ కపటం ఉన్నది. "శాస్త్రానుసారం", "సాధారణ పరిస్థితులలో", "ఇతరములు సరిగా ఉన్నచో" అని మొదలుపెట్టేవారు ఊహ చెప్పినట్టు కనిపిస్తారు గాని చెప్పరు. ఏ శాస్త్రం? ఏ పరిస్థితి? ఆ మాటకు ఎవరూ "కాదు" అనలేరు. కాదు అనడానికి వీలు లేని ఊహ చదివేవాడికి పనికిరాదు, రేపు తప్పు తేలితే చెప్పినవాడు దాని వెనుక దాక్కోవడానికి మాత్రమే పనికివస్తుంది. మీరు వ్రాసిన ఊహ సరైనదో కాదో పరీక్షించడానికి ఒకటే ఉపాయం: అవతలివాడు ఒక్క మాటతో దానిని ఖండించగలడా? "విజయవాడలో పెడతావని" అంటే "లేదు, ఇక్కడే" అంటాడు. "సాధారణ పరిస్థితులలో" అంటే ఏమంటాడు?

మరికొందరు ఉత్సాహం కొద్దీ పదిహేను ఊహలు వరుసగా పేరుస్తారు. అధికమాసం లేదని, గ్రహణం లేదని, కర్తకు ఆశౌచం లేదని. ఆ జాబితాలో అసలైనది ఏడవదో ఎనిమిదవదో అయి, చదివేవాడి కన్ను దాని మీదుగా జారిపోతుంది. జవాబును మార్చగలిగిన ఊహ మాత్రమే చెప్పాలి. ఆ ఏడు అధికమాసం లేదు, కాబట్టి దాని ప్రస్తావన అనవసరం. అదే 2023లో ఎవరైనా శ్రావణంలోని తిథి అడిగి ఉంటే, ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది గనుక, "నిజ శ్రావణంలో పెడతారనుకొని చెబుతున్నాను" అన్నది మొట్టమొదటి మాట కావాలి. మన వైపు ఎక్కువమంది నిజమాసంలోనే పెడతారు, రెండింటా పెట్టేవారూ ఉన్నారు. అక్కడ ఆ ఊహ తప్పితే నెల రోజుల తేడా వస్తుంది.

ఇంకొందరు ఊహలను చివర పెడతారు. మా వాడి వయసువారు వేగు ఎలా చదువుతారో నేను చూశాను. "బుధవారం" కనబడగానే ఆ కాగితం పని తీరిపోయింది. కింద నేను ఎంత చక్కటి గద్యంలో విజయవాడ అక్షాంశం వర్ణించినా అది చదవరు. ఆ వేళకు సెలవు చీటీ పోయి ఉంటుంది.

అందుచేత ఆ రోజు నేను వ్రాయవలసిన జవాబు ఇది:

"నాయనా, రెండు విషయాలు అనుకొని చెబుతున్నాను. పోయిన ఏడు లాగా నీవు బెజవాడ వచ్చి ఇక్కడే పెడతావని ఒకటి. మీ నాన్నగారు చూసే దృక్ పంచాంగమే మీ ఇంటికి ప్రమాణమని రెండు. ఈ రెండూ నిజమయితే మార్గశిర బహుళ సప్తమి ఆబ్దికం బుధవారం. అక్కడే పెట్టేటట్లయితే మంగళవారం అవుతుంది. వీటిలో ఏది కాకపోయినా వెంటనే ఒక్క మాట వ్రాయి, మళ్ళీ చూసి చెబుతాను."

చూడండి, అయిదారు వాక్యాలు. తప్పడానికి ఎక్కువ అవకాశమున్న ఊహ మొదట వచ్చింది. అది తప్పితే జవాబు ఏమవుతుందో అక్కడే ఉన్నది, అందువల్ల వాడు నాకు తిరిగి వ్రాయకపోయినా మునిగిపోడు. తిథి పేరును జవాబులోనే కలిపి చెప్పాను, అది తప్పయితే వాడి కంట పడుతుంది. వాడిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. దీనిలో నా పాండిత్యానికి వచ్చిన లోటు ఏమిటో ఆ రెండవ మిత్రుడు చెప్పాలి.

ఇదంతా శ్రాద్ధాలకే పరిమితమని అనుకోకండి. మా దివిసీమ వైపు బంధువు ఒకరు, ఎకరానికి ఎంత పండిందని హైదరాబాదులోని కొడుకు అడిగితే "నలభై" అన్నాడు. డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, నలభై బస్తాలంటే 30 క్వింటాళ్ళు. కొడుకు క్వింటాళ్ళే అనుకొని డబ్బు లెక్క వేసుకున్నాడు. ఎకరానికి పది క్వింటాళ్ళు గాలిలో పండాయి. "బస్తా డెబ్బై అయిదు లెక్కన" అన్న మాట ముందుంటే ఆ తండ్రీకొడుకుల నడుమ నెల రోజులు మాటలు నిలిచిపోయేవి కావు.

మా మేనల్లుడి సంగతి ముగించాలి. తిథి తప్పినప్పుడు అదే పక్షంలో వచ్చే అమావాస్య నాడు పెట్టవచ్చునని పెద్దలు చెప్పిన మార్గం ఉన్నది గనుక, వాడు ఇంకొక రోజు సెలవు అడిగి, అమావాస్య నాడు మళ్ళీ పెట్టాడు. నేను చెల్లెలింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "అన్నయ్యా, వాడు ఈ ఏడు వస్తాడని నేనూ అనుకున్నాను. గది కడిగించి పెట్టాను. వాడు మాత్రం రావటం లేదని నాకు చెప్పలేకపోయాడు. నువ్వు ఆ మాట వ్రాసి ఉంటే వాడు నీకైనా చెప్పేవాడు" అన్నది.

అప్పటికి నాకు తోచనిది ఆమెకు తోచింది. ఊహను పైకి చెప్పడం తిథి దిద్దుకోవడానికే కాదు, చెప్పుకోలేక ఉన్నవాడికి చెప్పుకొనే సందు ఇవ్వడానికి కూడా. ఆ సందు నేను ఒక్క ముక్క జవాబుతో మూసివేశాను.

ఒక్క ముక్కలో చెప్పడమే పాండిత్యమని ఇంకా వాదించేవారు ఉంటే కింద వ్యాఖ్య వ్రాయండి. వ్రాసే ముందు మాత్రం, నేను ఏమన్నానని మీరు అనుకుంటున్నారో మొదటి వాక్యంలో చెప్పండి. పొరబడి ఉంటే అక్కడే దిద్దుతాను.